ఆగస్టులో కొన్న ఇన్‌హేలర్: తల్లిదండ్రులకు ఒక ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రతి నెలా ఈ వార్తాలేఖలో పరీక్షల గురించో, ఫీజుల గురించో, ఆటల పోటీల గురించో రాస్తుంటాను. ఈసారి అవన్నీ పక్కన పెట్టి ఒక్క విషయమే రాస్తున్నాను. దీపావళి వెళ్లి చలి మొదలైంది. ఉదయం అసెంబ్లీలో నిలబడితే వెనక వరసల్లోంచి దగ్గులు వినిపిస్తున్నాయి. వాటిలో మామూలు జలుబు దగ్గులు ఉన్నాయి, ఆస్తమా ఉన్న పిల్లల దగ్గులూ ఉన్నాయి.

మూడో తరగతి చదివే ఒక బాబు వాళ్లమ్మగారు రెండు వారాల కిందట నా దగ్గరికి వచ్చారు. బాబుకి ఎనిమిదేళ్లు. "మేడమ్, రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ వేస్తూనే ఉన్నా. అయినా వారంలో మూడు నాలుగు రాత్రులు దగ్గుతో లేస్తున్నాడు. మందు పని చేయట్లేదేమో, మానేసి సిరప్‌కి మారదామనుకుంటున్నాం" అన్నారు. ఆ వారంలోనే పిల్లల డాక్టరుగారు ఆరోగ్య పరీక్షల కోసం మన బడికి వచ్చారు. ఆవిడ బాబుని ఏమీ అడగలేదు. "అమ్మా, ఇంట్లో ఎలా వేస్తారో అలాగే ఒకసారి వేసి చూపించండి" అన్నారంతే. తరువాత జరిగింది ఆ తల్లి అనుమతితో, పేరు చెప్పకుండా మీకు రాస్తున్నాను.

అమ్మగారు సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి, ఊపకుండానే స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించారు. టక్ టక్ మని రెండుసార్లు నొక్కారు. అప్పుడు "రారా, పీల్చు" అని బాబుని పిలిచి మాస్కు ముఖానికి పెట్టారు. మాస్కు చిన్నప్పుడు కొన్నది, బుగ్గ దగ్గర వేలు పట్టేంత సందు ఉంది. బాబు రెండుసార్లు గబగబా పీల్చి పరిగెత్తాడు. ఆవిడ స్పేసర్‌ని చీర కొంగుతో శుభ్రంగా తుడిచి సంచిలో పెట్టుకున్నారు. ఎంతో శ్రద్ధగానే చేశారు. కానీ మందు ఊపిరితిత్తుల దాకా చేరే దారి ప్రతి అడుగులోనూ మూసుకుపోయింది.

ఇన్‌హేలర్ నొక్కగానే మందు చాలా వేగంగా బయటికి వస్తుంది. నేరుగా నోట్లో కొడితే అందులో ఎక్కువ భాగం గొంతు గోడకి తగిలి అక్కడే ఉండిపోతుంది. స్పేసర్ మందు వేగాన్ని తగ్గించి, సన్నటి తుంపరలా కాసేపు గాలిలో నిలబెడుతుంది. ఆ కాసేపు అంటే కొన్ని సెకన్లే. ముందు నొక్కేసి, తరువాత పిల్లవాణ్ణి పిలిస్తే, వాడు వచ్చేసరికి ఆ తుంపర చాలావరకు గొట్టం గోడలకి అంటుకుపోతుంది. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే తుంపరలు ఒకదానికొకటి తగిలి బరువెక్కి కిందికి దిగిపోతాయి. రెండు పఫ్‌లు కలిపి కొడితే రెట్టింపు మందు అందుతుందనుకుంటాం, అందేది అంతకన్నా బాగా తక్కువ.

డాక్టరుగారు అప్పుడే సరైన పద్ధతి చూపించారు. ముందు పిల్లవాణ్ణి నిటారుగా కూర్చోబెట్టాలి, లేదా నిలబెట్టాలి. పడుకోబెట్టి వేయకూడదు. మూత తీసి నోటి దగ్గరి భాగంలోకి ఒకసారి తొంగి చూడాలి, ఎందుకంటే సంచిలో పడేసినప్పుడు చిన్న వస్తువులు ఏవైనా లోపలికి దూరి ఉండొచ్చు. ఇన్‌హేలర్‌ని ఐదు సెకన్లపాటు బాగా ఊపాలి. కొత్తదైనా, చాలా రోజులుగా వాడకుండా ఉన్నదైనా ముందు గాలిలోకి రెండు పఫ్‌లు వదలాలి. ఊపిన తరువాత స్పేసర్‌కి తగిలించి, పిల్లవాడు నెమ్మదిగా గాలి బయటికి వదిలాక, మౌత్‌పీస్‌ని పళ్ల మధ్య పెట్టుకుని పెదవులు చుట్టూ గట్టిగా మూయాలి. అప్పుడు ఒక్కసారే నొక్కాలి. నొక్కిన వెంటనే నోటితో నెమ్మదిగా, మామూలుగా ఐదారుసార్లు పీల్చి వదలాలి. కాస్త పెద్ద పిల్లలైతే ఒకేసారి నిదానంగా, లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టినా సరిపోతుంది. కొన్ని స్పేసర్లు ఈల వేస్తాయి. పిల్లలు అది సరదా అనుకుని ఇంకా గట్టిగా పీలుస్తారు. నిజానికి ఆ ఈల అర్థం "వేగం ఎక్కువైంది, తగ్గించు" అని. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ మొదటి నుంచి చేయాలి.

మూడు, నాలుగేళ్ల లోపు పిల్లలకే మాస్కు కావాలి. మన నర్సరీ, ఎల్‌కేజీ తల్లిదండ్రులు గమనించండి, మాస్కు ముక్కునీ నోటినీ రెండిటినీ కప్పి, బుగ్గలకి సందు లేకుండా ఆనాలి. స్పేసర్ లోపలి చిన్న రేకు ప్రతి ఊపిరికీ కదులుతుంటే మందు వెళుతున్నట్టు. ఏడుస్తున్నప్పుడు బలవంతంగా పెడితే చాలా తక్కువ మందు లోపలికి వెళుతుంది. అందుకే మాస్కుని ముందు బొమ్మకి పెట్టనివ్వండి, తరువాత మీకు పెట్టనివ్వండి, ఆ తరువాత వాళ్లకి పెట్టండి. పెద్దయ్యాక మౌత్‌పీస్‌తో పీల్చగలిగితే మాస్కు తీసేయొచ్చు. ఈ బాబు ఆ రోజే మౌత్‌పీస్‌కి మారాడు, రెండో ప్రయత్నంలోనే చక్కగా పీల్చాడు.

స్పేసర్‌ని తుడవకూడదన్న సంగతి నాకూ తెలియదు. పొడిగుడ్డతో ప్లాస్టిక్‌ని రుద్దితే దానికి విద్యుత్ ఆవేశం వస్తుంది. తలకి రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కోవడం పిల్లలకి సైన్సు క్లాసులో చూపిస్తాం కదా, స్పేసర్ గోడలు మందుని అలాగే లాగేసుకుంటాయి. కాబట్టి కొత్త స్పేసర్‌ని వాడకముందు ఒకసారి, ఆ తరువాత నెలకోసారి విడదీసి, గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. లోపల గుడ్డ గానీ, బ్రష్ గానీ, వేలు గానీ పెట్టొద్దు. నోటికి తగిలే భాగాన్ని మంచినీళ్లతో కడిగి, మొత్తం దానంతటదే ఆరనివ్వాలి. మిగతా భాగాన్ని నీళ్లతో కడగాలా వద్దా అనేది మీ స్పేసర్‌తో వచ్చిన కాగితంలో ఎలా ఉంటే అలా చేయండి.

ఇంత చూశాక డాక్టరుగారు ఇంకో ప్రశ్న వేశారు. "ఇది ఎప్పుడు కొన్నారమ్మా?" సంచిలో మెడికల్ షాపు బిల్లు ఉంది. ఆగస్టు 5. ఇన్‌హేలర్ మీద 200 డోసులు అని రాసి ఉంది. ఉదయం రెండు, రాత్రి రెండు, అంటే రోజుకి నాలుగు. 200ని నాలుగుతో భాగిస్తే 50 రోజులు. సెప్టెంబరు 23కి అందులో మందు అయిపోయి ఉండాలి. మేము మాట్లాడుకుంటున్నది నవంబరులో. "ఇంకా కొడితే వస్తోంది కదండీ" అన్నారు ఆ తల్లి. ఆ మాట నిజమే. మందుని తోసే వాయువు అడుగున ఇంకా మిగిలి ఉంటుంది, కాబట్టి నొక్కితే పొగలాగా వస్తూనే ఉంటుంది. అందులో మందు మాత్రం సరిగా ఉండదు. డబ్బాని ఊపి చూసినా, నీళ్లలో వేసి తేలుతుందో మునుగుతుందో చూసినా ఈ సంగతి తెలియదు. కొన్ని ఇన్‌హేలర్లకి వెనక అంకెలు తగ్గే కౌంటర్ ఉంటుంది. అది లేనివాటికి లెక్కే దారి. కొన్నరోజే 50 రోజులు లెక్కపెట్టి, అయిపోయే తేదీని స్కెచ్ పెన్నుతో డబ్బా మీదే రాయండి. మీ డాక్టరు రాసిన డోసు వేరైతే ఆ లెక్కతో భాగించండి.

ఆ తల్లి చాలా బాధపడ్డారు. మందు మార్చాలని వచ్చినావిడ, అదే మందు కొత్త డబ్బా కొనుక్కుని వెళ్లారు. పది రోజుల తరువాత ఫోన్ చేసి, ఆ వారంలో ఒక్క రాత్రే దగ్గాడని చెప్పారు. డాక్టరుగారు నెల తిరిగాక మళ్లీ చూస్తారు.

సిరప్ గురించి ఒక మాట. ఇన్‌హేలర్ అంటే పెద్ద మందు, సిరప్ అంటే చిన్న మందు అని చాలా ఇళ్లలో అనుకుంటారు. ఆయాసాన్ని వెంటనే తగ్గించే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మందు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 2 మిల్లీగ్రాములు, అంటే 2000 మైక్రోగ్రాములు ఉంటుంది. సిరప్ ఒళ్లంతా తిరిగి వెళ్లాలి కాబట్టి అంత కావాలి. అందుకే చేతులు వణకడం, గుండె దడ సిరప్‌తోనే ఎక్కువ. ఇన్‌హేలర్ మందు నేరుగా అవసరమైన చోటికే వెళుతుంది. దానికి పిల్లలు అలవాటు పడిపోతారన్న భయం అక్కర్లేదు. మృగశిర కార్తె నాడు చేప మందుకి వెళ్లే కుటుంబాలు మనలో ఉన్నాయి. మీ నమ్మకాన్ని నేను తప్పుపట్టను, కానీ ఇన్‌హేలర్ మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంట్లో రెండు రకాల ఇన్‌హేలర్లు ఉండొచ్చు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గించేది, ఇంకొకటి దగ్గు లేకపోయినా రోజూ వేసే నివారణ మందు. మన దగ్గర రంగులు కంపెనీని బట్టి మారుతాయి కాబట్టి రంగుని నమ్మకుండా పేరు చదవండి. రోజూ వేసేది స్టెరాయిడ్ మందైతే, వేశాక పిల్లలు నోరు పుక్కిలించి ఉమ్మాలి, మాస్కు వాడేవాళ్లకి ముఖం కడగాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత రావచ్చు. పొడి మందు క్యాప్సూల్ వేసి పీల్చే పరికరం వేరే, దానికి స్పేసర్ వాడరు, ఇక్కడ చెప్పిన పద్ధతి దానికి వర్తించదు.

బడిలో ఆయాసం వస్తే మేం చేసేది ఇది. పిల్లవాణ్ణి నిటారుగా కూర్చోబెడతాం. మీరిచ్చిన డాక్టరు కాగితంలో ఎలా ఉంటే అలా చేస్తాం. కాగితం లేకపోతే, వెంటనే తగ్గించే ఇన్‌హేలర్‌తో స్పేసర్ ద్వారా ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ప్రతి పఫ్‌కీ నాలుగైదు ఊపిర్లు. నాలుగు నిమిషాలు ఆగుతాం. తగ్గకపోతే ఇంకో నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉంటాం. మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, పిల్లవాడు మగతగా అయిపోతున్నా మాత్రం ఆగి చూడకుండా ముందే 108కి చేస్తాం. పిల్లికూతలు ఉన్నట్టుండి వినిపించకుండా పోయి, ఆయాసం మాత్రం తగ్గకపోతే అది ఇంకా ప్రమాదం.

ఇదంతా చేయాలంటే మందు మా దగ్గర ఉండాలి. కిందటేడు ఒక పిల్లవాడికి ఆటల పీరియడ్‌లో ఆయాసం వస్తే ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో ఉంది, తాళం చెవి నా దగ్గర ఉంది, నేను బయటికి వెళ్లాను. బాబు క్షేమంగానే ఉన్నాడు, కానీ ఆ ఏడు నిమిషాలు నేను మర్చిపోలేదు. ఇప్పుడు ఇన్‌హేలర్లు బీరువాలో పెట్టడం లేదు. క్లాస్ టీచరు బల్ల పక్కనున్న అరలో, పిల్లల పేరు రాసిన డబ్బాలో ఉంటాయి. ఆటలకి వెళితే పీఈటీ సారు ఆ డబ్బా తీసుకువెళతారు.

మీ పిల్లలకి ఆస్తమా ఉంటే, వెంటనే తగ్గించే ఇన్‌హేలర్ ఒకటి, స్పేసర్ ఒకటి, డాక్టరు సంతకం ఉన్న కాగితం, మీ ఫోన్ నంబరు పెట్టి సోమవారంలోపు క్లాస్ టీచరుకి ఇవ్వండి. డబ్బా మీద కొన్న తేదీ రాయండి. శనివారం ఉదయం 10 గంటలకి బడి నర్సు లైబ్రరీలో ఉంటారు. ఇంట్లో వాడే ఇన్‌హేలర్, స్పేసర్ తెచ్చి, మీరు ఎలా వేస్తారో ఆవిడ ముందు ఒకసారి వేసి చూపించండి. రోజూ ఇంట్లో మందు వేసేది అమ్మమ్మో నానమ్మో అయితే, వాళ్లనే తీసుకురండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు