38 ఏటీపీల దగ్గరే ఆగిపోతున్న శ్వాసక్రియ పాఠం

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు జీవశాస్త్రం చెప్పే అధ్యాపకురాలిని. విద్యా పేజీల్లో, కోచింగ్ మెటీరియల్‌లో కణశ్వాసక్రియ మీద వచ్చే ప్రశ్నల గురించి ఈ ఉత్తరం. ‘శక్తి ఎక్కువగా విడుదలయ్యే దశ ఏది?’ అని అడిగి, ‘క్రెబ్స్ వలయం’ అని కీ ఇచ్చిన ప్రశ్నపత్రాలు మా పిల్లల చేతుల్లో తరచూ కనిపిస్తున్నాయి. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా అదే జవాబును గట్టిగా నమ్మి వస్తున్నారు. అది తప్పు. ఎందుకు తప్పో ఒక్క గ్లూకోజ్ అణువు వెంట నడిస్తే తెలిసిపోతుంది.

గ్లూకోజ్ ముందు కణద్రవ్యంలో గ్లైకాలిసిస్‌కు లోనై రెండు పైరువేట్‌లుగా చీలుతుంది. ఇందులో కణం తన పనులకు శక్తిగా వాడుకునే ఏటీపీ అణువులు రెండు ఖర్చయి నాలుగు వస్తాయి, మిగిలేవి రెండు. ఆ పైరువేట్‌లు మైటోకాండ్రియా లోపలి మాత్రికలోకి వెళ్లి ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి ఎసిటైల్ కో-ఎ అవుతాయి. అది క్రెబ్స్ వలయంలో పడి మిగతా కార్బన్లను కూడా కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తుంది. వలయం రెండుసార్లు తిరిగితే నేరుగా వచ్చే ఏటీపీలు రెండే. అంటే గ్లూకోజ్‌లోని ఆరు కార్బన్లూ వెళ్లిపోయాక కణం చేతిలో ఉన్నవి మొత్తం నాలుగు ఏటీపీలు. మనం పీల్చిన ఆక్సిజన్ అప్పటిదాకా ఏ చర్యలోనూ పాల్గొననే లేదు. బయటికి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్నది ఆ ఆక్సిజన్ కాదని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు.

మరి గ్లూకోజ్‌లోని శక్తి ఏమైంది? దారిపొడవునా గ్లూకోజ్ నుంచి తీసిన ఎలక్ట్రాన్లను పట్టుకుని పది ఎన్‌ఏడీహెచ్ అణువులు, రెండు ఎఫ్‌ఏడీహెచ్2 అణువులు తయారయ్యాయి. ఒక మోల్ గ్లూకోజ్ పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 2,870 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. ఒక మోల్ ఎన్‌ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అప్పగిస్తే విడుదలయ్యేది సుమారు 220 కిలోజౌళ్లు. పదికి 2,200. అంటే క్రెబ్స్ వలయం ముగిసే సరికి గ్లూకోజ్ శక్తిలో నాలుగింట మూడొంతులకు పైగా ఇంకా ఎన్‌ఏడీహెచ్‌లోనే భద్రంగా ఉంది. వలయం చేసింది ఎలక్ట్రాన్లను పోగుచేయడం. శక్తి విడుదల ఎక్కువగా జరిగేది ఆ తర్వాత, మైటోకాండ్రియా లోపలి పొరలో ఉన్న ఎలక్ట్రాన్ రవాణా గొలుసులో.

అక్కడ కూడా అంతా ఒక్కసారిగా జరగదు. ఎలక్ట్రాన్లు ఒక వాహకం నుంచి ఇంకో వాహకానికి మారుతూ, ఎలక్ట్రాన్లను మరింత గట్టిగా లాగే ఆక్సిజన్ వైపు దిగుతాయి. ఎన్‌ఏడీహెచ్ దగ్గర మైనస్ 0.32 వోల్టులున్న పొటెన్షియల్, ఆక్సిజన్ దగ్గర ప్లస్ 0.82. ఈ తేడాలో దాదాపు సగం ఆఖరి మెట్టులోనే ఉంది. సైటోక్రోమ్ సి అనే వాహకం నుంచి ఎలక్ట్రాన్లు గొలుసులోని నాలుగో ప్రోటీన్ సంక్లిష్టం ద్వారా ఆక్సిజన్‌ను చేరి నీరు ఏర్పడే చోటు అది. ఇలా దిగేటప్పుడు విడుదలైన శక్తితో ఒకటి, మూడు, నాలుగు సంక్లిష్టాలు ప్రోటాన్లను మాత్రిక నుంచి పొర అవతలికి తోస్తాయి. గట్టు వెనక నిండిన చెరువులా అవతల ప్రోటాన్లు పేరుకుంటాయి. అవి ఏటీపీ సింథేజ్ అనే తూము గుండా మాత్రికలోకి తిరిగొచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ సంగతి ప్రతిపాదించినప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది.

శక్తి విడుదలవడం, ఏటీపీగా చేతికి రావడం వేర్వేరు పనులు. దీన్ని డీఎన్‌పీ అనే రసాయనం చూపించినంత స్పష్టంగా ఏ బొమ్మా చూపించదు. ఈ డైనైట్రోఫినాల్ పొర అవతల ప్రోటాన్‌ను పట్టుకుని, పొరను దాటి, మాత్రికలో వదిలేస్తుంది. అంటే గట్టుకు గండి పడినట్టే. అప్పుడు గొలుసు ఆగదు, ఇంకా వేగంగా నడుస్తుంది. ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది, కొవ్వూ చక్కెరా ఎక్కువగా ఖర్చవుతాయి. కానీ ప్రోటాన్లు తూము గుండా రావు కాబట్టి ఏటీపీ తగ్గిపోతుంది. విడుదలైన శక్తి అంతా వేడిగా మారి ఒళ్లు కాలిపోతుంది. 1930లలో అమెరికాలో దీన్ని బరువు తగ్గించే మందుగా వాడారు. కొందరికి కంటిశుక్లాలు వచ్చాయి, కొందరు జ్వరం లాంటి వేడితోనే చనిపోయారు. 1938లో దాన్ని మనుషులకు వాడకూడని మందుగా తేల్చారు. అయినా ఇంటర్నెట్‌లో దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు, ఈ మధ్య కాలంలో కూడా బ్రిటన్‌లో ప్రాణాలు పోయాయి. దీనికి విరుగుడు మందు లేదు. జిమ్‌లకు వెళ్లే వయసు పిల్లలకు ఈ పాఠం సరిగ్గా అర్థం కావాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఇక ఒక్క గ్లూకోజ్‌కు 38 ఏటీపీలు వస్తాయన్న లెక్క. ఒక్కో ఎన్‌ఏడీహెచ్‌కు మూడు, ఎఫ్‌ఏడీహెచ్2కు రెండు అని పాత పుస్తకాలు రాశాయి. పది మూళ్లు ముప్పై, రెండు రెళ్లు నాలుగు, నేరుగా వచ్చిన నాలుగు కలిపి 38. కానీ కొలిచి చూస్తే ఒక ఎన్‌ఏడీహెచ్ వల్ల పొర దాటేవి సుమారు పది ప్రోటాన్లు. ఒక ఏటీపీని తయారుచేసి కణద్రవ్యానికి చేర్చడానికి సుమారు నాలుగు కావాలి. కాబట్టి ఎన్‌ఏడీహెచ్‌కు వచ్చేది రెండున్నరే. ఎఫ్‌ఏడీహెచ్2 ఎలక్ట్రాన్లు ఒకటో సంక్లిష్టాన్ని దాటవేసి వస్తాయి కనుక దానికి ఒకటిన్నర. ఇరవై అయిదు, మూడు, నాలుగు కలిపితే 32. గ్లైకాలిసిస్‌లో వచ్చిన ఎన్‌ఏడీహెచ్ లోపలి పొరను దాటలేదు. దాని ఎలక్ట్రాన్లను లోపలికి చేర్చే మార్గాన్ని బట్టి గుండె, కాలేయాల్లో 32, అస్థి కండరాల్లో 30 వస్తాయి. పొర గుండా కొన్ని ప్రోటాన్లు ఎప్పుడూ కారిపోతూనే ఉంటాయి కనుక ఇవి కూడా గరిష్ఠాలే. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరం నుంచి వేరుచేసినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పేరు చెప్పుకుని గర్వపడే మనం పిల్లలకు పాత లెక్క అప్పజెప్పించడం నాకు బాధగా ఉంది.

పరీక్షలో 38కే మార్కు పడుతుందని నాకు తెలుసు. పిల్లల టెన్షన్ కూడా తెలుసు. అందుకే అడిగేది చిన్న మార్పే. మీ విద్యా పేజీలో ఏటీపీల లెక్క ప్రశ్న వేసినప్పుడు, ఎన్‌ఏడీహెచ్‌కు ఎన్ని ఏటీపీలుగా లెక్క కట్టారో ప్రశ్నలోనే రాయండి. ‘శక్తి ఎక్కువగా విడుదలయ్యే దశ’కు కీలో ఎలక్ట్రాన్ రవాణా గొలుసు అని ఇవ్వండి. వీలైతే ఆ ప్రశ్న తీసేసి దీన్ని వేయండి: మైటోకాండ్రియాకు డీఎన్‌పీ కలిపితే ఆక్సిజన్ వాడకం, ఏటీపీ తయారీ, వేడి, ఈ మూడింటిలో ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది, ఎందుకు?

ఇట్లు,
జీవశాస్త్ర అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం