బొమ్మలో రాణీ పింకు, కవర్లో వంగపండు రంగు

ఏమే, ఎట్టుండావు? పిల్లలు బాగుండారా? నీ షాపు నంబరుకి కంప్లైంటు పెడితే ఆ ప్యాకింగ్ పిల్లోడు చూస్తాడు, నువ్వు చూడవు, అందుకే నీకే నేరుగా రాస్తన్నా. ఫ్రెండువి కాబట్టే దాచుకోకుండా చెప్తన్నా, చివరిదాకా చదువు.

సీకో క్లాత్ వచ్చింది. నేత బాగుంది, మెత్తగా ఉండాది, దానికి వంక పెట్టను. రంగే నువ్వు చూపించింది కాదు. నీ పేజీలో ఏఐతో చేయించిన బొమ్మలో ఆ అమ్మాయి లంగా అచ్చం రాణీ పింకు. అమ్మ చీర అంచుకి సరిపోద్దని పాప లంగాకీ నా జాకెట్టుకీ కలిపి ఆరు మీటర్లు తెప్పించా. తీరా కవరు విప్పితే వంగపండు రంగు, వరండాలోకి తీసుకెళ్తే ఇంకా నీలంగా కొడతాంది. చెల్లి సీమంతానికి అనుకున్నానే, ప్రాణం ఉసూరుమనింది.

ఎందుకిట్టా అయిందా అని కొసన ఒక నిలువు పోగు, ఒక అడ్డం పోగు లాగి తెల్ల కాగితం మీద పెట్టి చూశా. నిలువుది నీలం, అడ్డంది ఎరుపు. అంటే పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, డబుల్ షేడ్ అన్నమాట. ఇట్టాంటి గుడ్డ ఒక పక్కనించి చూస్తే ఎర్రగా, కొంచెం వంచితే నీలంగా తేలుద్ది, మడతల్లో అయితే రెండూ కనపడతాయి. నువ్వు ఏఐకి ఇచ్చింది బల్ల మీద పరిచి పైనించి తీసిన ఒక్క ఫోటో. ఆ కోణంలో ఏ రంగు పడిందో అదే దానికి తెలుసు, లోపల రెండు రంగుల పోగులున్నాయని దానికెట్టా తెలుస్తది? అది నీ గుడ్డని తీసుకెళ్లి ఆ అమ్మాయికి కట్టదు కదా, చూసిందాన్ని బట్టి కొత్త బొమ్మ గీస్తది. అందుకే లంగా కుచ్చిళ్లన్నీ ఒకే పింకు, ముదురూ లేతా తప్ప ఎక్కడా నీలం చాయ లేదు. అంచు కూడా చూడు, గుడ్డ మీద జరీ గీతలు రెండు, బొమ్మలో మూడు!

ఇంకోటి, ఆ అమ్మాయి జడలో మల్లెపూలు పెద్దది చేసి చూడు. తెల్లగా ఉండాల్సినవి మీగడ రంగులో ఉండాయి, వెనక గోడకీ పసుపు చాయ. సాయంత్రం ఎండ పడినట్టు అందంగా ఉండాలని ఏఐ తనంతట తనే ఆ వెలుతురు వేసుకునింది. పసుపు వెలుతురులో నీలం అణిగిపోయి ఎరుపు పైకొస్తది, దాంతో వంగరంగు కాస్తా పింకు అయి కూర్చుంది.

ఫోన్ స్క్రీన్ తేడా అంటావేమో, అందరూ అదే అంటారు. నీ బొమ్మనీ, నేను పగటి వెలుతురులో తీసిన ఫోటోనీ ఒకే ఫోన్లో పక్కపక్కన పెట్టా, మళ్లీ మా ఆయన ఫోన్లోనూ పెట్టా. స్క్రీన్ వల్లే అయితే రెండు ఫోటోలూ ఒకే వైపు జరగాలి కదా, వాటి మధ్య తేడా పోవాలి. రెండు ఫోన్లలోనూ ఒకటి పింకే, ఒకటి వంగే.

మన నెల్లూరు ట్రంకు రోడ్డులో మ్యాచింగ్ కొనేటప్పుడు గుర్తుందా, ట్యూబులైటు కింద చూసి నమ్మకుండా జాకెట్టు ముక్కని షాపు బయటికి తెచ్చి వెలుతురులో చూసుకునేవాళ్లం. ఆన్‌లైన్లో కొనేవాళ్లకి ఆ బయటికి తెచ్చే పని నువ్వే చెయ్యాల. పగలు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, గుడ్డ పక్కనే ఒక తెల్ల కాగితం పెట్టి ఫోటో తియ్యి. ఫోటోలో కాగితం తెల్లగా వస్తేనే రంగు నమ్మొచ్చు, పసుపో నీలమో కొడితే మళ్లీ తియ్యి. డబుల్ షేడ్ అయితే గుడ్డని చేత్తో అటూ ఇటూ వంచుతా చిన్న వీడియో పెట్టు, నీలం పడుగు ఎరుపు పేక అని రాయి. ఏఐ బొమ్మ తీసెయ్యమనను, కుట్టించుకుంటే ఎట్టుంటదో తెలుస్తది, కానీ అది వెనకుండాల, పక్కన రంగు కోసం కాదని రాసుండాల.

కట్ చేసిన క్లాత్ వాపసు లేదని మీ ప్యాకింగ్ పిల్లోడు మెసేజ్ పెట్టాడు. నేను కత్తెర కూడా పెట్టలేదే, ఆ కొసన లాగిన రెండు పోగులు తప్ప. అయినా 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రకటనలో చూపించినట్టు లేని సరుకుని అమ్మినవాళ్లు వాపసు తీసుకోనంటే కుదరదు. నేను నీ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యను, కానీ వేరేవాళ్లు చేస్తారు.

కాబట్టి ఆరు మీటర్లూ వాపసు తీసుకో, డబ్బులు మొత్తం వెయ్యి, కొరియర్ ఖర్చు నీదే. నిజంగా రాణీ పింకు థాను ఉంటే ముందు కాగితం పెట్టిన ఫోటో పంపు, సీమంతం లోపల కుట్టించుకోవాల. ఆ బొమ్మ చూసి ఇంకెవరైనా ఆర్డరు పెట్టుంటే, పార్సిల్ కదలకముందే వాళ్లకి అసలు రంగు ఫోటో పంపించి కావాలా వద్దా అడుగు.