ఆరు ముక్కల చిక్కు: వాసుకి ఉత్తరం

ఒరేయ్ వాసూ,

నువ్వు పంపిన ఆరక్షరాల చిక్కు చూశాను. త్స, ది, వం, జ, నో, న్మ. ఈ ఆరిటినీ సరిగ్గా పేర్చి ఒకే మాట చెయ్యాలి. మూడు రోజులుగా ‘దివం’ దగ్గరే కూర్చున్నానని రాశావు. దివం అంటే స్వర్గం కాబట్టి అది మాటే, తప్పేం లేదు. కానీ అదే నిన్ను పట్టుకుంది. జవాబు చివర్లో చెప్తాను. ముందు దాన్ని ఎలా విప్పాలో చూడు, రేపు ఇంకో చిక్కు వస్తే నువ్వే విప్పుకుంటావు.

మొట్టమొదట, అచ్చులో ఉన్న వరసనే చూస్తూ కూర్చోకు. పాత శుభలేఖ ఒకటి తీసుకుని ఆరు ముక్కలు కత్తిరించు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాయి. వాటిని వరసగా కాకుండా గుండ్రంగా పేర్చు. వరసగా ఉంటే కన్ను ఎడమ నుంచి కుడికి చదివేసి, పక్కపక్కనున్న రెండిటినీ కలిపేస్తుంది. నీకు ‘దివం’ తగలడానికి కారణం అదే, అచ్చులో ది పక్కనే వం ఉంది. రాసేటప్పుడు ఒత్తునీ గుణింతాన్నీ సున్ననీ వాటి అక్షరంతోనే ఉంచు. ‘స్త’ ఒక ముక్క, ‘కం’ ఒక ముక్క. పుస్తకం అంటే పు, స్త, కం, మూడే ముక్కలు.

మూడు ముక్కల్ని ఆరు రకాలుగా పేర్చొచ్చు. నాలుగైతే 24, అయిదైతే 120, ఆరైతే 720. అన్నీ వేసి చూడటం కుదిరే పని కాదు. అందుకే ఏ ముక్క ఎక్కడ కూర్చోలేదో ముందు తేల్చుకోవాలి. తెలుగులో ఈ సౌకర్యం బాగా ఉంది, ఎందుకంటే మన అక్షరాల్లో చాలావాటికి మాటలో చోటు దాదాపు ఖాయం.

అ, ఆ, ఇ, ఉ, ఎ, ఒ లాంటి అచ్చు ఒంటరిగా కనిపిస్తే అది మొదటి అక్షరం అనుకో. మాట మధ్యలో అచ్చు విడిగా నిలబడటం మనకు అలవాటు లేదు, సంధి వచ్చి కలిసిపోతుంది. ‘పైఎత్తు’ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దీనికి ఎదురుగా, ల్ల, క్క, ట్ట, మ్మ, బ్బ లాంటి ద్విత్వం ఎప్పుడూ మొదట రాదు. ణ, ళ కూడా అంతే. ప్ర, శ్రీ, స్నే, వ్యా, క్ష లాంటి వేరే హల్లుల జంటలు మాత్రం మొదట రావచ్చు, కాబట్టి ఒత్తు కనిపించిందని ప్రతిదాన్నీ వెనక్కి నెట్టెయ్యకు. ఏ ఒత్తో చూడు.

చివరి అక్షరానికి ఆనవాళ్ళు ఇంకా ఎక్కువ. సున్న ఉన్న ముక్క ఒక్కటే ఉంటే ముందు దాన్ని చివర పెట్టి చూడు. ఆకాశం, విమానం, పుస్తకం అన్నీ అలా ముగిసేవే. కుదరకపోతే అప్పుడు మధ్యకు తే: పండు, గంట, చెంప. సున్న మధ్యలో ఉంటే దాని వెనక సాధారణంగా క, చ, ట, త, ప వర్గాల్లోని అక్షరం ఒకటి ఉంటుంది. సంవత్సరం లాంటి సంస్కృత మాటలు వేరు. ముక్కల్లో అలాంటి అక్షరం లేకపోతే సున్న చివరికే పోతుంది. డు కనిపిస్తే మనిషి పేరో, వృత్తి పేరో అయ్యుండొచ్చని చివర పెట్టు. లు బహువచనం కావచ్చు. ‘ము’ అయితే కాస్త జాగ్రత్త. పాత పద్ధతిలో ‘పుస్తకము’ అని రాసేవాళ్ళు చివరికి ము తెస్తారు, దాంతో మూడు ముక్కల మాట నాలుగు ముక్కలవుతుంది. అదే ము ‘సముద్రం’లో మధ్యనుంటుంది.

ఒక తేలికైనది చూడు: యు, డు, పా, ఉ, ధ్యా. ఉ మొదట, డు చివర. 120 కాస్తా ఆరుకు వచ్చేసింది. ‘యుడు’ అన్న తోక నోటికి తెలిసినదే కాబట్టి యు కూడా కూర్చుంది. మిగిలినవి పా, ధ్యా. రెండే రెండు రకాలు, నోటితో అంటే చాలు: ఉపాధ్యాయుడు.

అచ్చతెలుగు మాటల్లో ఇంకో మంచి ఆనవాలు ఉంది. ద్విత్వానికి ముందున్న అక్షరం చాలావరకు హ్రస్వమే: చెట్టు, పిల్ల, అమ్మ. నాన్న లాంటివి అరుదు. రి, య, బ్బ, కా, కొ ఇచ్చారనుకో. బ్బ మొదట రాదు, కా వెనక కూర్చోదు. అంటే దాని ముందు రి, య, కొ మాత్రమే ఉండాలి. కొబ్బ, రిబ్బ, యబ్బ అని పైకి అను. ‘కొబ్బ’ అనగానే నాలుక ‘రి’ వైపు పోతుంది. మిగిలిన కా, య ఎలాగూ జంటే. ఈ పని మనసులో కాకుండా నోటితో చెయ్యి, చెవికి తెలిసిన మాట కన్నుకి ఆలస్యంగా తెలుస్తుంది.

ఇప్పుడు నీ చిక్కు. న్మ, త్స రెండూ మొదటికి పనికిరావు. సున్న ఉన్నది వం ఒక్కటే కాబట్టి దాన్ని చివర పెట్టాం. 720 కాస్తా 120 అయింది. ఇక్కడ నువ్వు దాని ముందు ‘ది’ పెట్టి ఆగిపోయావు. అది తప్పని ఎలా తెలుస్తుందంటే, మిగిలినవాటిని చూడాలి. జన్మ పోగా నో, త్స మిగులుతాయి. ఆ రెండిటికీ ఇల్లు దొరకదు. దొరికిన మాట ఎంత అందంగా ఉన్నా, మిగిలిన ముక్కలకు చోటు లేకపోతే దాన్ని విప్పెయ్యాలి. పొరపాట్లలో సగం ఇక్కడే జరుగుతాయి.

త్స మీద దృష్టి పెట్టు. త్స తర్వాత వం వస్తే ‘త్సవం’. ఈ తోక ఉత్సవానిది. కానీ ముక్కల్లో ఉ లేదు. ఎక్కడికి పోయింది? నో లోకి పోయింది. సంస్కృత మాట మధ్యలో ఓత్వం కనిపిస్తే, ముందుమాట చివరి అకారమూ తర్వాతి మాట మొదటి ఉకారమూ కలిసి ఓ అయ్యాయేమో అని అనుమానించు. బళ్ళో చదువుకున్న గుణసంధే. సూర్యోదయంలోని ర్యో, మహోత్సవంలోని హో అలా వచ్చినవే. అంటే ‘నో’ అన్నది న + ఉ. నోత్సవం చివర ఖాయమైపోయింది, ముందు మాట ‘న’తో ముగియాలి. మిగిలినవి జ, న్మ, ది. న్మ మొదట రాదు కాబట్టి నాలుగే వరసలు: జన్మది, జదిన్మ, దిజన్మ, దిన్మజ. ఒక్కోదాని చివర న చేర్చి పలుకు. జన్మదిన. జన్మదినోత్సవం.

ఇందులోనే ఇంకోటి గమనించు. ‘దినం’లో సున్న ఉంది, ‘జన్మదినోత్సవం’లో దినానికి సున్న లేదు. సంస్కృత మాటలు రెండు కలిసి సమాసమైతే ముందుదాని సున్న రాలిపోతుంది. సముద్రతీరంలో సముద్రం ‘సముద్ర’ అయింది. కాబట్టి నీకు తెలిసిన మాట ఒకటి సున్న తగ్గి కనిపిస్తే, ఆ మాట కాదని వదిలెయ్యకు. దాని వెనక ఇంకో మాట ఉందని అర్థం.

తప్పు మనది కాకుండా చిక్కు పెట్టినవాళ్ళదయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. ఫోనుల్లో వచ్చే ఆటల్లో పుస్తకాన్ని పు, స్, త, కం అని నాలుగు ముక్కలు చేసి ఇస్తుంటారు. కంప్యూటరు లోపల ఈ మాట ఏడు సంకేతాలుగా ఉంటుంది, ఒత్తు స్త అన్నది స, పొల్లు, త అనే మూడింటి కలయిక. వీటిని ఎక్కడ విడదీయాలో చెప్పే యూనికోడ్ నియమాల్లో తెలుగు ఒత్తుల్ని కలిపి ఉంచాలన్నది 2023లో వచ్చిన 15.1 కూర్పుతోనే చేరింది. పాత నియమాలతో చేసిన ఆట పొల్లు దగ్గర తెంపేస్తుంది. అందుకని బస్, ఫోన్ లాంటి మాట కాదనిపించినప్పుడు పొల్లు ముక్క కనిపిస్తే, దాన్ని విడిగా ఉంచకుండా మిగిలిన ఒక్కో ముక్క ముందూ పెట్టి చూడు. స్త, స్క, స్ప, ఏదో ఒకటి అతుక్కుంటుంది. చుక్కల సున్న మీద గుణింతం గుర్తు ఒంటరిగా వేలాడుతుంటే మాత్రం ఆ చిక్కు పాడైపోయినట్టే, వదిలెయ్.

అచ్చుతప్పులు ఇంకో బాధ. గ్రంథాలయాన్ని గ్రంధాలయం అనీ, విద్యార్థిని విద్యార్ధి అనీ వేస్తుంటారు. థ, ధ తేడా లోపలి చుక్కలో ఉంటుంది, చిన్న అచ్చులో కనబడదు. ఒక్క అక్షరం తప్ప అన్నీ కుదిరిన మాట వస్తే, ఆ అక్షరంలో ద, ధ, థ ఉందేమో చూసి మార్చి చదువు. వ, ప లు కూడా అలాగే తారుమారవుతాయి.

రెండు జవాబులు వచ్చే చిక్కులు వేరు, అవి తప్పు కాదు. ప, ల, క ఇస్తే పలక, కలప రెండూ సరే. ప, డ, క ఇస్తే పడక వస్తుంది, కడపా వస్తుంది. న, వ, ల లో నవలతో పాటు ‘వలన’ కూడా ఉంది, అది చాలామందికి తట్టదు. వ, సం, తం ఇస్తే అందరూ వసంతం అంటారు, వతంసం అని సిగలో పెట్టుకునే పువ్వుకూ చెవి ఆభరణానికీ పేరుంది. అందుకే మూడు ముక్కల చిక్కుకి పక్కన అర్థం ఇవ్వకపోతే పెట్టినవాళ్ళు అన్యాయం చేసినట్టే. అయిదు దాటితే ఈ గొడవ చాలా తగ్గుతుంది. నువ్వు పిల్లల కోసం చిక్కులు తయారు చేస్తానన్నావు కదా, నాలుగు ముక్కల లోపు మాటలకు అర్థం ఒక వాక్యం తప్పకుండా రాయి.

నీకు ఇప్పుడు అయిదు ముక్కలు ఇస్తున్నా. జ, నం, వ, భో, న. న, నం వేర్వేరు ముక్కలు, కలిపెయ్యకు. ‘జనం’ కనిపిస్తుంది, నిజమే, కానీ అక్కడే ఆగిపోకు. కార్తీకమాసంలో మనవాళ్ళు చేసేదే. వచ్చే ఉత్తరంలో జవాబుతో పాటు ఏ ముక్క ముందు తేల్చావో కూడా రాయి.

నీ
శేఖర్