ఒంటరి వృద్ధులు, పెంపుడు జంతువులు: నా వ్యాసం అవుట్‌లైన్‌కు సాయం చేసినవారికి కృతజ్ఞతలు

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల మానసిక ఆరోగ్యం మీద పెంపుడు జంతువుల ప్రభావం గురించి సోషల్ వర్క్ పీజీ కోర్సు ఎమ్మెస్‌డబ్ల్యూ కోసం వ్యాసం రాస్తున్నానని, అవుట్‌లైన్‌కు సాయం కావాలని ఇక్కడ అడిగాను. ఇంతమంది ఇంత ఓపిగ్గా జవాబిస్తారనుకోలేదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి, ఎవరి మాట ఎక్కడ చేరిందో చెబుతాను.

మొదటి నమస్కారం స్టాటిస్టిక్స్ సార్‌కి. "కుక్క వచ్చాక ఒంటరితనం తగ్గిందా, ఒంటరితనం వల్లే కుక్క వచ్చిందా?" అని ఆయన అడిగిన ప్రశ్నతోనే వ్యాసం మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో 50 దాటినవాళ్లను ఏళ్ల తరబడి పలకరిస్తూ వచ్చే ఒక పెద్ద సర్వే ఉంది. దాని ఆధారంగా 2014లో వచ్చిన పరిశోధనలో, జంతువులను పెంచే మహిళలే ఎక్కువ ఒంటరితనం చెప్పుకున్నారు. అంతమాత్రాన పెంపకం చేటు చేసిందని కాదు. భర్త పోయాక, పిల్లలు దూరమయ్యాక కుక్కనో పిల్లినో తెచ్చుకునేవాళ్లుంటారు. ఇంకోవైపు, కాళ్లూ చేతులూ బాగా ఆడేవాళ్లే కుక్కను పెంచుకోగలరు. అప్పుడు వాళ్ల ఆరోగ్యం కుక్క ఖాతాలో పడిపోతుంది. అందుకే ప్రతి అధ్యయనం దగ్గరా, జంతువు రాకముందు ఆ మనిషి ఎలా ఉన్నారో కొలిచారా లేదా అని చూస్తాను.

అదే సర్వే మీద 2023 చివర్లో ఇంకో పరిశోధన వచ్చింది. ఒంటరిగా ఉండేవాళ్లలో జంతువులున్నవారికి మాటల జ్ఞాపకశక్తి నెమ్మదిగా తగ్గింది. ఇతరులతో కలిసి ఉండేవాళ్లలో ఆ తేడా కనబడలేదు. నా అంశానికి అతికినట్టుంది. కానీ అది జ్ఞాపకశక్తి, డిప్రెషన్ కాదని గుర్తుచేసిన సైకాలజీ మేడమ్‌కి ధన్యవాదాలు. దాన్ని విడి భాగంలో పెట్టాను. ఒంటరితనాన్నీ డిప్రెషన్‌నూ కూడా కలిపెయ్యను, వాటికి కొలిచే ప్రశ్నావళులే వేరు.

అన్నిటికన్నా ఎక్కువ రుణపడింది విజయవాడ రిటైర్డ్ టీచరమ్మగారికి. పిల్లలు అమెరికాలో, ఇంట్లో ఆవిడా ఒక పొమేరియనూ. పొద్దున దాన్ని తిప్పడానికి వెళ్తేనే వీధిలో నలుగురూ పలకరిస్తారట. "నన్ను కాదమ్మా, దాన్ని" అని నవ్వారు. అంటే మేలు చేసేది కుక్క ఒక్కటే కాదు, అది తెచ్చే పలకరింపులూ, రోజూ ఒకే వేళకు బయటికెళ్లే అలవాటూ. అదే ఆవిడ, కుక్కను ఎవరి దగ్గర వదలాలో తెలియక కంటి శుక్లాల ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వచ్చారు. "నేను ముందు పోతే దీని గతేంటి" అన్న బెంగ రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదన్నారు. లాభాల పక్కన ఈ భారానికీ ఒక పూర్తి భాగం ఇచ్చాను: తాము ఆస్పత్రిలో చేరాల్సి వస్తే జంతువును ఎవరు చూస్తారు, దాని మందుల ఖర్చు, కుక్క పట్టీ లాగినప్పుడు పడిపోయే ప్రమాదం, చివరికి అది చనిపోతే వచ్చే దుఃఖం.

ఆ చివరిదాని గురించి పశువుల డాక్టర్‌గారు చెప్పింది అలాగే రాసుకున్నాను: చాలామంది పెద్దవాళ్లు "కుక్కకేనా ఇంత ఏడుపు" అంటారేమోనని ఇంట్లో ఏడవరు, క్లినిక్‌లో ఏడుస్తారట.

అవుట్‌లైన్ ఈ వారం గైడ్‌కి ఇస్తున్నాను. టీచరమ్మగారూ, ఆపరేషన్ అయ్యేదాకా మీ కుక్కను చూసుకుంటామని ఇక్కడ ఇద్దరు ముందుకొచ్చారు, మెసేజ్ చూడండి.