ఛాతీ పట్టీ ఫోనులో కనబడకపోతే చెడిపోయినట్టేనా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ ఆరోగ్య పేజీలో, వ్యాయామ సమయంలో గుండె వేగాన్ని కొలిచే ఛాతీ పట్టీల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనే అనుకుంటున్నాను. ఫోనులో బ్లూటూత్ సెట్టింగులు తెరిచి వెతకాలని, అక్కడ పట్టీ పేరు కనిపించకపోతే అది లోపమున్న వస్తువని, వెంటనే వాపసు చేయాలని అందులో రాశారు. రెండూ తప్పుడు సలహాలే. ఆ మాట నమ్మి ఎందరు బాగున్న పట్టీలను తిప్పి పంపారో!

నాతో పాటు వ్యాయామం చేసే ఒకాయన ఇదే అవస్థ పడ్డారు. పట్టీ కట్టుకుని ట్రెడ్‌మిల్ ఎక్కితే యంత్రం తెర మీద గుండె వేగం చక్కగా వస్తోంది. ఫోనులో మాత్రం దాని జాడే లేదు. ఫోను ఆపి మళ్లీ పెట్టారు, యాప్ తీసేసి మళ్లీ వేశారు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే బ్యాటరీ మార్చమన్నారు. యంత్రం అంకెలు చూపిస్తుంటే బ్యాటరీ ఎందుకు మార్చాలో అడిగేవారు లేరు. చివరికి పెట్టెను తిరగేసి చూస్తే ఒక మూలన ANT+ అనే మరో వైర్‌లెస్ పద్ధతి గుర్తు ఉంది, బ్లూటూత్ గుర్తు ఎక్కడా లేదు. ముందు వైపు మాత్రం పెద్ద అక్షరాలతో ‘వైర్‌లెస్’ అని ఉంది.

వైర్‌లెస్ అంటే ఏ వైర్‌లెస్? పాత తరం పట్టీలు 5 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని దగ్గరలో ఉన్న యంత్రానికో, చేతి గడియారానికో పంపుతాయి. దాన్ని అందుకునే భాగం ఫోనులో ఉండదు. ANT+, బ్లూటూత్ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే నడుస్తాయి కానీ ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. ANT+ను నేరుగా అందుకునే ఏర్పాటు ఐఫోన్లలో ఎప్పుడూ లేదు. ఆండ్రాయిడ్‌లో కొన్ని మోడళ్లలోనే ఉండేది. కాబట్టి ఆయన పట్టీ ఆ ఫోనులో ఎన్నటికీ కనబడదు. అది చెడిపోనూ లేదు, ఏ యాప్ వేసినా ఫలితమూ ఉండదు. ఈ ఒక్క విషయం పెట్టె మీద స్పష్టంగా రాయడానికి తయారీదారులకు అంత బరువా?

ఇక బ్లూటూత్ ఉన్న పట్టీలు కూడా దాక్కుంటాయి. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0తో మొదలైన తక్కువ విద్యుత్ పద్ధతిలో పట్టీ ‘నేనిక్కడ ఉన్నాను’ అని ప్రకటించుకుంటుంది, ఫోను ఆ ప్రకటన వింటుంది. చాలా పట్టీలు ఒంటికి తగిలితేనే మేల్కొని ఆ ప్రకటన మొదలుపెడతాయి. బల్ల మీద పెట్టి వెతికితే దొరకవు. లోపలి వైపు ఉండే ఎలక్ట్రోడ్లను నీటితో తడిపి, బిగించి కట్టుకున్నాకే వెతకాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపుచ్చేది మరొకటి. ఒకేసారి ఒక్క పరికరంతోనే బ్లూటూత్ సంబంధం పెట్టుకునే పట్టీలు చాలా ఉన్నాయి. కొత్తవాటిలో కొన్ని మాత్రమే రెండు మూడింటిని ఒప్పుకుంటాయి. పట్టీ మీ గడియారంతోనో, సంచిలోని టాబ్లెట్‌తోనో ముందే కలిసిపోతే ప్రకటన ఆగిపోతుంది, ఫోనుకు అది లేనట్టే. నిన్న కనిపించింది, ఈరోజు మాయమైంది అంటే ముందు అనుమానించవలసింది దీన్నే. ఫోను తప్ప చుట్టుపక్కల ఉన్న మీ మిగతా పరికరాలన్నిటిలో బ్లూటూత్ ఆపండి. పట్టీ నుంచి గుండీలతో బిగించే చిన్న డబ్బాను ఊడదీసి, కాసేపాగి తగిలించండి. అప్పుడు ఫోను సెట్టింగుల్లో కాదు, వ్యాయామ యాప్‌లోనే వెతకండి.

ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు ఇంకో మెలిక ఉంది. యాప్‌కు లొకేషన్ అనుమతి ఇవ్వకపోయినా, ఫోనులో లొకేషన్ ఆన్ చేయకపోయినా వెతుకులాట ఖాళీగానే ముగుస్తుంది. 12 నుంచి సమీప పరికరాల అనుమతి అడుగుతుంది. వద్దని నొక్కితే ఆ యాప్‌కు పట్టీ కనబడదు.

నిజంగా లోపం పట్టీదేనా అన్నది తేల్చడం కష్టం కాదు. తడిపిన పట్టీ కట్టుకుని, మరో ఫోనులో బ్లూటూత్ పరికరాలను జాబితాగా చూపే ఉచిత స్కానర్ యాప్ తెరవండి. Heart Rate లేదా 0x180D అన్న సేవతో పట్టీ కనిపిస్తే అది బాగానే ఉన్నట్టు, చిక్కు మీ యాప్‌లోనో అనుమతుల్లోనో ఉంది. బ్లూటూత్ గుర్తు ఉండి, కొత్త బ్యాటరీ వేసి, ఇతర పరికరాలన్నీ ఆపాక కూడా కనిపించకపోతే అప్పుడు వాపసు ఇవ్వండి.

ఇంతమాత్రం కనుక్కోవడానికి మీ వ్యాసకర్తకు ఒక పూట చాలేది. ఒకప్పుడు పత్రికల్లో వస్తువుల గురించి రాసేవారు వాటిని వాడి చూసి రాసేవారు. ఇప్పుడు తయారీదారు కరపత్రమే వ్యాసంగా మారిపోతోంది, సహాయ కేంద్రాలేమో ఏది అడిగినా బ్యాటరీ మార్చమంటున్నాయి. ఎవరూ ఎవరికీ జవాబుదారీ కారు. ఆ వ్యాసానికి సవరణ అదే పేజీలో, అంతే ప్రముఖంగా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు