నకిలీ టైరుపై ఇరవై మూడు రోజులుగా జవాబు లేని ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విజయవాడ ఆటోనగర్‌లో మీ బోర్డు పెట్టుకున్న షాపులో నా ట్యాక్సీకి ఒక టైరు కొన్నాను. అది మీది కాదని నా అనుమానం. అయినా టైరు కన్నా మీ వాళ్ల తీరే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మొదట ఫోన్ ఎత్తినమ్మాయి ఫోటోలు పంపమంది. టైరు మీది తయారీ తేదీ కోడ్‌ను దగ్గర నుంచి తీసి పంపాను. అందులో 6223 అని స్పష్టంగా ఉంది. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఏడాదికి 52 వారాలు, ఎప్పుడైనా 53. మరి 62వ వారం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకే వారం రోజులు జవాబు లేదు. తర్వాత ఇంకొకాయన ఫోన్ చేసి, "ఫోటో క్లియర్‌గా లేదు, రెండో పక్క పంపండి" అన్నాడు. తేదీతో ఉన్న పూర్తి కోడ్ చాలా టైర్లకు ఒక పక్కే ఉంటుందని చెప్పినా వినలేదు. సరేనని పంపాను. మూడో ఆయన ఆ ఫోటో చూసి "తేదీ కనిపించడం లేదు" అని రాసి కంప్లయింట్ మూసేశాడు! మళ్లీ తెరవమంటే, మొదటి నుంచి చెప్పమన్నారు.

అప్పుడు నేనే టైరు మీద సుద్దముక్క అడ్డంగా రుద్ది, పక్క నుంచి టార్చి కొట్టి ఫోటో తీశాను. మీ పేరు, సైజు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండి తెల్లగా తేలాయి. తేదీ అంకెలు మాత్రం గుంటల్లా నల్లగా మిగిలాయి. నా బండికే ఉన్న మీ పాత టైరు మీద తేదీ కూడా ఉబ్బెత్తుగానే ఉంది, దాని చుట్టూ అచ్చులో బిగించిన చిన్న పలక గీత కూడా ఉంది. కొత్తదానికి ఆ గీత లేదు, అక్కడ రబ్బరు గీకినట్టు నునుపుగా ఉంది. టైరు ఎంత అరిగిందో చూపడానికి గాడిలో అడ్డంగా ఉండాల్సిన గట్లను కూడా కోసేశారు. అరిగిన టైరుకు గాడి తిరిగి చెక్కితేనే అలా అవుతుంది. రబ్బరు వెంట్రుకలు లేవన్నది మాత్రం నేను సాక్ష్యంగా చెప్పను, అసలువాటికీ అవి ఊడిపోతాయి. స్టిక్కరు మీద సైజు 165/80 R14, టైరు మీద 165/70 R14. ఇవన్నీ ఎనిమిది ఫోటోలుగా మీ మెయిల్‌లోనే ఉన్నాయి.

పదకొండేళ్లుగా మీ టైర్లే వేస్తున్నాను, పక్క డ్రైవర్లకూ వాటినే చెప్పాను. నా వెనక సీట్లో మనుషులు కూర్చుంటారు. గుంటూరు వైపు హైవేలో ఈ టైరు పేలితే ఎవరు బాధ్యులు?

మీ టెక్నికల్ మనిషి వచ్చి టైరు చూసి, మీదో కాదో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ షాపు సంగతీ తేల్చాలి. వారంలో రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కు ఈ ఫోటోలతోనే వెళతాను. ఆ షాపు బిల్లు, టైరు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక ట్యాక్సీ యజమాని,
పటమట, విజయవాడ