పేరు రాసుకుని వెళ్తే బీమా అందినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

వానలు పడిన వారంలో మీ జిల్లా పేజీలో ‘పంట నష్టపోయిన రైతులు 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి’ అని చిన్న వార్త వేశారు. అది మా ఊళ్లో చదివేసరికే గడువు దాటిపోయింది. ఏ రైతు, ఎవరికి సమాచారం ఇవ్వాలో అందులో లేనే లేదు.

మా బాబాయిది 80 సెంట్ల వరి. కోసి పనల మీద ఉండగా వాన పట్టుకుంది. నీళ్లు తీసేలోగా గింజ మొలకెత్తింది. అధికారులు వచ్చి పేరు రాసుకున్నారు. బీమాకి కూడా అదే చాలనుకున్నాడాయన. కానీ వాళ్లు రాసుకున్నది ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ కోసం. బీమా దారి వేరు.

ఫసల్ బీమాలో ఊరు మొత్తం మీద దిగుబడి పడిపోతే రైతు ఎక్కడా చెప్పుకోనక్కర్లేదు. పంటకోత ప్రయోగాల లెక్కను బట్టి అందరికీ వస్తుంది. కోసి పొలంలో ఆరబెట్టిన పంట అకాల వానకో తుఫానుకో పాడైతే మాత్రం రైతే స్వయంగా చెప్పాలి. కోసిన రోజు నుంచి 14 రోజుల వరకే ఆ రక్షణ. నష్టం జరిగిన 72 గంటల్లో 14447కి ఫోన్ చేయాలి, లేదా బ్యాంకులోనో వ్యవసాయ కార్యాలయంలోనో చెప్పాలి. సర్వే నంబరు, తడిసిన విస్తీర్ణం, బీమా దరఖాస్తు నంబరు దగ్గర పెట్టుకోవాలి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోవాలి, అదే మన చేతిలో ఆధారం. పనలు ఎత్తకముందే ఫొటోలు తీయాలి. కుప్ప వేసేశాక తడిస్తే ఈ రక్షణ వర్తించదు. మన జిల్లాలో కోయగానే కుప్ప వేసే రైతులెందరో, వాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పారు?

ఎకరాకి బీమా మొత్తం 40,000 రూపాయలు అనుకుందాం. 80 సెంట్లకి 32,000. పరిశీలకుడు నష్టం 40 శాతం అని రాస్తే 12,800 రావాలి. ఖరీఫ్ వరికి రైతు వాటా ప్రీమియం 2 శాతానికి మించదు, అంటే 640 లోపే. ఆ డబ్బు కట్టించుకోడానికి ఇంటింటికీ తిరిగారు, మైకులో చెప్పించారు, గడువు ఒక్కరోజు ఉందని ఫోన్లు చేశారు. వాన పడ్డాక ఒక్క ఫోన్ లేదు. మా బాబాయి అడగడానికి వెళ్తే ‘సర్వేలో మీ పేరుందిగా’ అని పంపించేశారు. ఆ మాటతోనే మూడు రోజులూ పోయాయి. రైతుకి తెలియకపోతే రైతు తప్పు అంటారు, చెప్పాల్సినవాడికే తెలియకపోతే ఎవరి తప్పు? కౌలు రైతుల సంగతైతే మరీ అన్యాయం, పంట నమోదులో వాళ్ల పేరు ఎక్కించుకోడానికే సీజను సగం పోతుంది.

కోతలు మొదలవకముందే ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఈ 72 గంటలు, 14 రోజులు, 14447 పెద్ద అక్షరాలతో, తెలుగులో రాయించండి. మీరు కూడా వానకి ముందే వేయండి. మా బాబాయి దగ్గర ప్రీమియం రసీదు భద్రంగా ఉంది. ఫిర్యాదు నంబరు మాత్రం లేదు.

ఒక రైతు కుటుంబీకుడు,
శ్రీకాకుళం జిల్లా